పైపుకు కట్టిన ముడుపు

మొండయ్యకు టైర్ల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద లేదు. టైరు అబద్ధమాడదు, అరిగితే అరిగినట్టు చూపిస్తుంది, మనిషే లోపల చినిగి బయట మెరుస్తాడు అనేవాడు. మాట వినడానికి బాగుంది గానీ శుద్ధ తప్పు. టైరూ మనిషంత అబద్ధమాడుతుంది. అందులోనూ జోడీ టైర్లలో లోపలివైపు ఉండే టైరు. ఆ సంగతి ఆయనకు జుట్టు నెరిశాక గానీ తెలియలేదు. తెలిశాక ఆయనకు సుఖం ఎక్కువ రోజులు మిగల్లేదు.

ఆయనది బోనకల్ పక్క పల్లె. స్టేషన్ ఎదుట పంచర్ దుకాణంలో పని నేర్చుకుని, చెయ్యి తిరిగాక మణుగూరు వచ్చిపడ్డాడు. బొగ్గున్న చోట టిప్పర్లుంటాయి, టిప్పర్లున్న చోట టైర్లు పగులుతాయి, కాబట్టి తన పొయ్యి ఆరదని ఆయన ధీమా. బొగ్గు మోసే టిప్పర్ల యార్డులో టైర్ల మేస్త్రీగా కుదిరాడు. ఆయనకు ఆ పేరు పెట్టినవాళ్లెవరో ముందుచూపున్న మనుషులే. పట్టిన పట్టు వదలడు. తప్పని తెలిసినా వదలడు. తెలిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

అంత మొండివాడూ ఒక్క మనిషి ముందు మెత్తబడేవాడు. ఆ మనిషి పెళ్లాం సోమమ్మ. కాపురానికి వచ్చినప్పుడు ఆమె వెంట పెట్టెతో పాటు తల్లి లేని తమ్ముడు కూడా వచ్చాడు. కిషోర్‌కు అప్పటికి నిక్కరు గుండీ పెట్టుకోవడం కూడా రాదు. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆ లోటును సోమమ్మ ఏనాడూ పైకి అనలేదు. అంటే కిషోర్ చిన్నబుచ్చుకుంటాడని. వాడే కొడుకు, వాడే తమ్ముడు. వాడు పెద్దవాడై, లైసెన్సు తెచ్చుకుని, బావ పనిచేసే యార్డులోనే టిప్పర్ ఎక్కితే ఆమెకు సంతోషమూ, భయమూ ఒకేసారి పట్టుకున్నాయి. సంతోషం రెండు రోజుల్లో పోయింది. భయం పోలేదు.

భయపడ్డానికి కారణం లేకపోలేదు. ఆ యార్డులో ఎండాకాలం వస్తే టైర్లు పేలాల్లా పేలేవి. చిత్రమేమిటంటే ఎప్పుడూ బయటి టైరే పేలేది. టిప్పర్ వెనక ఇరుసుకు ఒక్కో కొసన రెండేసి టైర్లు పక్కపక్కన జోడీగా ఉంటాయి కదా, అందులో మనకు కనబడేది బయటిది. అది పేలుతుంది, మొండయ్య దాన్ని మారుస్తాడు, కొత్తదీ పేలుతుంది. కంపెనీ టైర్లలో దమ్ము లేదని ఆయన తిట్టేవాడు. ఎండ అని డ్రైవర్లు అనేవాళ్లు. గ్రహచారమని మరికొందరు. లోపలి టైరును మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. కనబడని దాన్ని ఎవరు తిడతారు?

అప్పుడు ఉదయ్ భాస్కర్ అనే సూపర్‌వైజర్ కొత్తగా వచ్చాడు. చదువుకున్న కుర్రాడు, చొక్కా నలగనివ్వడు. మొండయ్యకు చూడగానే నచ్చలేదు. పొద్దున బండ్లు కదలకముందే అతను గాలి కొలిచే గేజీ పట్టుకుని ఒక టిప్పర్ పక్కన కూర్చున్నాడు.

"లోపలి టైర్ల గాలెంతుంది మేస్త్రీ?"

"బరాబరే ఉంటది సార్." మొండయ్య ఇనుప రాడ్డుతో బయటి టైరును ఠంగుమని కొట్టాడు. రాడ్డును సందులోకి దూర్చి లోపలిదాన్నీ ఒకటి పొడిచాడు. "సప్పుడు ఇన్నరు గదా. నా చెవే గేజీ."

ఉదయ్ భాస్కర్ వాదించలేదు. నేల మీద బోర్లా పడుకుని, చక్రం డిస్కుకున్న కంతలోంచి మోచేతి దాకా చెయ్యి దూర్చి, బొగ్గు బురదలో వెతికి వెతికి లోపలి టైరు వాల్వు పట్టుకున్నాడు. చొక్కా పాడైంది. బయటి టైరులో గాలి నూటపది పౌండ్లు ఉండాల్సింది, నూటపదే ఉంది. లోపలి దాంట్లో అరవై. మొండయ్య గేజీని లాక్కుని తానే పెట్టి చూశాడు. అరవయ్యే. పక్క జోడీ చూశాడు. అక్కడ డెబ్బై.

"లోపలి వాల్వు చేతికి అందదు, అందుకే దానికి ఎవరూ గాలి కొట్టరు," అన్నాడు ఉదయ్ భాస్కర్. "బయటిదానికి మాత్రం రోజూ కొడుతున్నం. గాలి తగ్గిన టైరు కుంగుతది. కుంగితే దాని వాటా బరువు పక్కదాని మీద పడుతది. మీరు పేలిందని తిట్టే టైరు ఇద్దరి పని ఒక్కటే చేసింది మేస్త్రీ."

వరి బస్తాను చెరో కొస పట్టుకుని మోస్తున్న ఇద్దరిలో ఒకడు మోకాళ్లు వంచితే రెండోవాడి నడుము విరుగుతుంది. ఇది బోనకల్ మిల్లులో హమాలీలను చూసి పెరిగిన మొండయ్యకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మరి టైరు దగ్గరికి వచ్చేసరికి ఆ మాత్రం ఎందుకు తట్టలేదో! పైగా కుంగిన టైరు కూడా క్షేమంగా ఉండదు. ప్రతి చుట్టుకూ పక్కలు మడతపడి, విచ్చుకుని, లోపల్లోపలే ఉడికిపోతుంది. ఒకటి బరువుకు కాగుతుంది, ఒకటి మడతకు కాగుతుంది. బయటివాడు ముందు పోతే లోపలివాడు మొత్తం బరువు మీదపడి ఆ క్షణమే కూలబడతాడు.

దానికి మందు చాలా చిన్నది. మూరెడు కూడా లేని పైపు, దానికి ఇనుప జాలి అల్లిక. ఒక కొసను లోపలి టైరు వాల్వుకు బిగిస్తే రెండో కొస డిస్కు కంతలోంచి బయటికి వచ్చి, చక్రం ముఖం మీద చేతికందేలా నిలుస్తుంది. ఎక్స్‌టెన్షన్ పైపు అంటారు. ఇక బయటిదానికీ లోపలిదానికీ నిలబడ్డ చోటే గేజీ పెట్టవచ్చు, బండి చల్లగా ఉన్నప్పుడు రెండింటికీ ఒకే గాలి కొట్టవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బిగించగానే ఆ పైపు లోపలి వాల్వు పిన్నును నొక్కి తెరిచే ఉంచుతుంది. అంటే పైపుకూ వాల్వుకూ కలిసే చోట మర వదులైతే గాలి లోపలి టైరులోంచే పోతుంది. అందుకే పైపు ఊగకుండా డిస్కుకు క్లిప్పుతో గట్టిగా పట్టించాలి.

"చక్రానికి మొలతాడా సార్?" అని మొండయ్య మొదట వెక్కిరించాడు. ఒక టిప్పర్‌కు వేసి చూశారు. ఆ ఎండాకాలం ఆ టిప్పర్ టైరు ఒక్కటీ పేలలేదు. దాంతో మొండయ్య పూర్తిగా తిరిగిపోయాడు. మొండివాడు మారితే కొత్తగా మతం పుచ్చుకున్న భక్తుడికన్నా అన్యాయం. అన్ని టిప్పర్లకూ తానే స్వయంగా పైపులు బిగించాడు. గేజీ పెట్టకుండా బండి తీసిన డ్రైవర్‌ను గేటు దగ్గర ఆపి తిట్టేవాడు. నా చెవే గేజీ అన్న నోటితోనే, చెవి ఎవనిక్కావాలిరా, అనేవాడు. టైర్లు పేలడం ఆగిపోయింది. ఆ రోజుల్లో ఆయన నడకే వేరు.

ఆ నడక ఇంటిదాకా వచ్చింది. అక్కడే పొరపాటు జరిగింది.

సోమమ్మ మరుసటి వేసవిలో అన్నం సరిగా తినడం లేదు. వేరే యార్డు టిప్పర్ ఒకటి అడవి దారిలో పడిపోయి డ్రైవర్ దవాఖానా పాలయ్యాడని విన్నప్పటినుంచీ కిషోర్ ఇంటికి వచ్చేదాకా ఆమె గుమ్మం వదలడం లేదు. ఒకరోజు ముగ్గురూ తింటుంటే మొండయ్య ఆమెకు ధైర్యం చెప్పబోయాడు.

"నీకేం రంది పెట్టుకోకే. మీ తమ్ముని బండికి నా చేత్తో పైపేసిన. ఆ పైపున్నన్ని రోజులు వాని పానానికి ఢోకా లేదు. వాని పానం గా పైపుల ఉన్నదనుకో."

"అవునక్కా, బావ పుణ్యమే," అని కిషోర్ నవ్వాడు. "బండి పక్కన నడుస్తుంటే నా పానం బయటికి తొంగిచూస్తున్నట్టే అనిపిస్తది."

మగవాళ్లిద్దరూ నవ్వుకుని చేతులు కడుక్కున్నారు. సోమమ్మ నవ్వలేదు. ఆమె ఆ మాటను అక్షరాలా నమ్మింది.

ముత్యాలమ్మకు మొక్కుకుని ముడుపు కట్టడం వాళ్ల వైపు పాత ఆచారం. పసుపు గుడ్డలో పిడికెడు బియ్యం, నాణేలు, పసుపుకొమ్ము పెట్టి మూటగట్టి, ఎవరి క్షేమం కోరుకుంటారో వాళ్లకు ప్రాణాధారమైన దానికి కడతారు. నాగలికి కట్టేవాళ్లున్నారు, ఉయ్యాలకు కట్టేవాళ్లున్నారు. మొక్కు తీరేదాకా కట్టిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దాన్ని విప్పరాదు. విప్పితే అది ఆ ప్రాణాన్నే విప్పినట్టు. మామూలుగా బండికైతే అద్దానికో, ముందు బంపరుకో కడతారు. పక్కింటి ముత్తక్క అదే చెప్పింది.

"అద్దానికి కట్టరాదే సోమీ? చక్రానికెవరన్న కడుతరా?"

"అద్దంల ఏముంది వదినా? వాని పానం పైపుల ఉన్నదని మా ఆయనే చెప్పిండు," అంది సోమమ్మ. యార్డుకు వెళ్లి, తమ్ముడి బండి ఎడమవైపు వెనక చక్రం మీద తొంగిచూస్తున్న పైపు కొసకు, దాని మూతను కూడా కలిపి, దారం మీద దారం చుట్టి ముడుపు కట్టింది. గాలి మాట మొగుడిది, నమ్మకం పెళ్లానిది, మధ్యన ఆ పైపు ఏం చేస్తుంది?

మర్నాడు పొద్దున గాలి చూసేందుకు వచ్చిన మొండయ్య ఆ చక్రం దగ్గర ఆగిపోయాడు. ఆయనకు వెంటనే అర్థమైంది. ఆ మాట దాచి లాభం లేదు. అంత బరువు పైపు కొసన వేలాడితే, చక్రం తిరిగేటప్పుడు అది విసిరి విసిరి లాగుతుందని, క్లిప్పు వదులవుతుందని, లోపలి మర కదులుతుందని అర్థమైంది. పైగా మూత మీదే ముడి ఉంది. ముడి విప్పితే గానీ గేజీ పెట్టలేడు. చెయ్యి దారం దాకా వెళ్లింది. ఆచారం గుర్తొచ్చింది. అంతకన్నా ఎక్కువగా, నిన్న రాత్రి చాలా రోజుల తర్వాత సోమమ్మ కడుపునిండా తిన్నది గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూలన పడేసిన ఇనుప రాడ్డు తెచ్చి ఆ జోడీని కొట్టి చూశాడు. చప్పుడు బాగానే ఉంది అనుకున్నాడు. గుడి ముందు చెప్పులు విడిచినట్టు, తనకు తెలిసిందంతా ఆ చక్రం దగ్గర విడిచి వెళ్లిపోయాడు.

ఆచారం అంటువ్యాధి లాంటిది. కిషోర్ బండికి ముడుపు కట్టారనీ, వాడి బండి గీత కూడా పడకుండా తిరుగుతోందనీ కాలనీలో పాకింది. సోమమ్మ చెయ్యి మంచిదన్నారు. రూప్‌సింగ్ అనే డ్రైవర్ భార్య బాలి తన మొగుడి బండికీ కట్టమని బతిమాలుకుంది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. సోమమ్మ ఎవరికీ కాదనలేదు. యార్డులో చాలా టిప్పర్ల ఎడమ చక్రాలకు పసుపు మూటలు వెలిశాయి, బొగ్గు దుమ్ముకు నల్లబడ్డాయి. ఆ చక్రాలకు ఎవరూ గేజీ పెట్టలేదు. సెలవు మీద ఊరికి వెళ్లిన ఉదయ్ భాస్కర్ ఉండి ఉంటే అడిగేవాడేమో. మొండయ్య ప్రతి పొద్దునా రాడ్డుతో కొట్టి, బాగానే ఉంది అనుకుంటూ పోయాడు.

ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద తారు మెత్తబడేంత ఎండలో ఫోన్ వచ్చింది. భద్రాచలం వైపు అడవి దారిలో, దిగుడు మలుపు దగ్గర టిప్పర్ పడిపోయింది, జాకీలూ సామానూ పట్టుకుని రమ్మన్నారు. ఎవరి బండో చెప్పలేదు. చెప్పలేకపోయారు. మొండయ్య జీపులో కూర్చుని కిషోర్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. డ్రైవింగులో ఉంటే ఎత్తొద్దని తానే చెప్పాడు కదా, అందుకే ఎత్తడం లేదు అనుకున్నాడు. మనిషికి చివరిదాకా ఏదో ఒక ఆధారం దొరుకుతూనే ఉంటుంది.

కిషోర్‌ను అప్పటికే తీసి, చెట్టు నీడలో పడుకోబెట్టి, మీద టార్పాలిన్ కప్పారు. వెనక బండిలో వస్తున్న రూప్‌సింగ్ తలకు తువ్వాలు చుట్టుకుని పక్కన కూలబడి ఉన్నాడు.

"పెద్ద బాంబు పేలినట్టు సప్పుడొచ్చింది అన్నా. ఎనుక ఎడమ దిక్కు బయటి టైరు. గది పోయిందో లేదో, లోపలిది కూడ సప్పబడ్డది. బండి ఒక్కసారే ఎడమకు ఒరిగింది. మలుపు గదా, బొగ్గంతా ఒక్కదిక్కే గుంజింది. వాడు స్టీరింగు ఇడవలేదన్నా. చివరిదాక ఇడవలే."

మొండయ్య టార్పాలిన్ ఎత్తి చూశాడు. లేచి చక్రం దగ్గరికి నడిచాడు. ఆయన చేతులకు తెలిసిన పని అదొక్కటే. బయటి టైరు చీలికలైపోయింది. లోపలి టైరు పక్కల చుట్టూరా మడతపడ్డ గీత, చినిగిన చోట లోపల నల్లటి రబ్బరు పొడి. అది ఇవాళ పడ్డప్పుడు వచ్చింది కాదు. రోజుల తరబడి గాలి లేక కుంగి నడిచిన టైరులోనే అలా పొడి రాలుతుంది. కంతలో చెయ్యి పెట్టి పైపు మరను పట్టుకుంటే పాలపన్నులా కదిలింది. క్లిప్పు ఎప్పుడో ఊడిపోయింది. కొసన ముడుపు మాత్రం దారం పోగు కూడా తెగకుండా అలాగే ఉంది.

"సూడన్నా, ముడుపు చెక్కుచెదరలే," అన్నాడు రూప్‌సింగ్ ఆశ్చర్యంగా. "గయినా తల్లికి దయ రాలేదు."

మొండయ్య జేబులోంచి బ్లేడు తీసి దారాన్ని కోసేశాడు. అది కోయడానికి ఇప్పుడు ఆయన చేతికి ఏ అడ్డూ లేదు. కాకపోతే ఆలస్యమైపోయింది.

దినాలు జరుగుతున్నంత కాలం సోమమ్మ ఒక్కటే మాట అడిగింది. వచ్చినవాళ్లతో మాట్లాడదు, మంచినీళ్లు ముట్టదు, మొగుడు కనబడితే అదే మాట.

"నా ముడుపు ఏమైందయ్యా? బండికి ఉన్నదా, లేదా?"

ఉందని చెబితే, ఉండీ కాపాడని తల్లిని ఆమె ఏమనుకోవాలి? ఎందుకు కాపాడలేదని తవ్వుకుంటూ పోతే చివరికి ఎక్కడికి చేరాలి? మొండయ్య ఆలోచించి, తెలివైన పని అనుకుని, అబద్ధమాడాడు.

"ఊడిపోయిందే. తొవ్వలనే ఎక్కడనో ఊడిపోయినట్టుంది."

సోమమ్మ గుండెలు బాదుకుంది. నా చేతుల సత్తువ లేకపాయె, ముడి గట్టిగా వెయ్యకపోతిని అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఆ పూట ఇంత గంజి తాగింది. చూశావా, అబద్ధమే మేలైంది అనుకున్నాడు మొండయ్య. నిజం చెప్పి ఆమెను చంపేకన్నా ఈ పాపం తానే మోస్తాడు. అంతవరకు బాగానే ఉంది.

కానీ యార్డులో పసుపు మూటలున్న టిప్పర్లు ఇంకా తిరుగుతున్నాయి. మొండయ్య దినాలయ్యాక తిరిగి పనిలోకి వచ్చిన పొద్దున నేల మీద పడుకుని, రూప్‌సింగ్ బండి లోపలి టైరును అరచేత్తో తడిమి చూశాడు. పక్క ఉబ్బి మెత్తగా తగిలింది. బ్లేడు తీశాడు. రూప్‌సింగ్ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంది గిది మేస్త్రీ! కట్టిన చెయ్యి ఇప్పాలె గానీ నువ్వెట్ల కోస్తవ్? నీ ఇంట్ల పీనుగ లేసిందని మా ఇంట్ల గూడ లేవాల్నా?"

"గాలి చూడాలె రూప్‌సింగ్. మూట బరువుకు పైపు..." మొండయ్య అంతటితో ఆపేశాడు. ఆ మాట పూర్తిచేస్తే అది సాయంత్రానికి బాలి నోట్లో, రాత్రికి ముత్తక్క నోట్లో, తెల్లారేసరికి సోమమ్మ చెవిలో ఉంటుంది. చుట్టూ డ్రైవర్లు గుమిగూడారు. బావమరిది పోయిన దుఃఖంలో మతి తప్పిందన్నారు. పక్కకు తీసుకెళ్లి టీ ఇప్పించారు.

ఆయన ఆ టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉండగానే గేటులోంచి సోమమ్మ వచ్చింది. దినాలు అయ్యాక ఆమె గడప దాటడం అదే మొదలు. చంకలో పసుపు గుడ్డల మూట. చేతిలో కట్టుడు తీగ చుట్ట, ఇళ్ల కట్టుబడిలో వాడే ఇనుప తీగ.

"దారంతోని కడితే ఊడిపోతున్నది," అంది ఆమె, అందరికీ చెబుతూ. "నా తమ్మునికైనట్టు ఇంకెవరికీ కావద్దు. ఉన్న మూటల మీద ఇంకింత బియ్యం పోసి, తీగతోని బిగిస్త. అందరు జర ఆగుండి, ఒక్కొక్క బండికి కట్టుకుంటొస్త." రూప్‌సింగ్ చేతులెత్తి దండం పెట్టాడు. ఆమె అతని చక్రం ముందు కూర్చుని తీగ విప్పసాగింది.

తాను చెప్పిన అబద్ధం ఇనుప తీగై తిరిగొచ్చిందని మొండయ్యకు కళ్లెదుట కనబడింది. చెబితే ఈమె బతకదు. చెప్పకపోతే వీళ్లెవరో ఒకరు బతకరు. ఆయన వెళ్లి ఆమె పక్కన కూలబడ్డాడు.

"కట్టకే."

"ఎందుకు?"

"ముడుపు ఊడలేదు. నేనే కోసి తీసిన, పడ్డంక. గట్టిగనే ఉండె."

ఆమె తీగ వదల్లేదు. "మరి?"

ఆయన చెప్పాడు. పెద్ద మాటలు రాలేదు. మూట బరువు పైపును విసిరి లాగిందని, లోపల మర కదిలి గాలి కొంచెం కొంచెం పోయిందని, మూత మీద ముడి ఉన్నందుకు ఎవరూ గేజీ పెట్టలేదని, లోపలిది కుంగి బరువంతా బయటిదాని మీద పడిందని. టైర్ల మేస్త్రీ డ్రైవర్‌కు చెప్పినట్టే చెప్పాడు, నేల చూస్తూ. రూప్‌సింగ్ తన చక్రం వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

సోమమ్మ ఏడవలేదు. ఏడుస్తే బాగుండునని మొండయ్య ఎదురుచూశాడు. ఆమె తీగ చుట్టను పక్కన పెట్టి, రూప్‌సింగ్ బండి ముడుపును గోళ్లతో విప్పింది. నల్లబడి గట్టిపడ్డ ముడి, చాలాసేపు పట్టింది. లేచి పక్క బండి దగ్గరికి నడిచింది. అదీ విప్పింది. వేలి గోరు చిట్లి నెత్తురు వచ్చినా ఆగలేదు, మొండయ్య బ్లేడు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆమె విప్పిన చోటల్లా ఆయన వెనకే వెళ్లి గేజీ పెట్టాడు. డెబ్బై. ఎనభై. ఒకదాంట్లో యాభై కూడా లేదు. మరలు బిగించి, గాలి కొట్టి, లోపలిదీ బయటిదీ సమం చేస్తూ వచ్చాడు. మొగుడూ పెళ్లాం కలిసి ఒక పని చేయడం ఆ యార్డులో అందరూ అదే మొదటిసారి చూశారు. ఎవరూ దగ్గరికి రాలేదు.

చివరి బండి అయ్యాక ఆమె మూటలన్నీ కొంగులో పోసుకుని నిలబడింది.

"నేను కట్టిన తెల్లారి నువ్వు బండి కాడికి పోయినవు గదా," అంది. "రోజూ పోతవు గదా. చూసినవా?"

"చూసిన."

"గిట్లయితదని నీకెర్కేనా?"

మొండయ్య అబద్ధం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. "ఎర్కే."

"మరి ఎందుకు ఇప్పలేదయ్యా?"

"నువ్వు కట్టినవని."

ఆమె ఆయన ముఖం వంక చూసింది. మూటలున్న కొంగును పట్టుకుని గేటు వైపు నడిచింది. పిలుద్దామనుకున్నాడు. అప్పటికి లోడు కోసం బండ్లు స్టార్టయ్యాయి. రూప్‌సింగ్ బండి ముందు కదిలింది, సోమమ్మ దానికి దారి ఇచ్చి పక్కకు జరిగి నిలబడింది. అది మలుపు తిరిగాక మళ్లీ నడిచింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే కుండలో వండింది తిన్నారు. ఆమె ఆయనతో మళ్లీ మాట్లాడలేదు.